ఇషా నుంచి ఫజ్ర్ వరకు: ఫోన్ గురించి యువతకు ఒక జుమా పాఠం

మన మస్జిదులలో ఫోన్ గురించి యువతకు చెప్పే ప్రసంగాలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. మొదటి రకంలో ఫోన్ అంటేనే ఫిత్నా అని, అది ఇంట్లోకి వచ్చిన షైతాన్ అని గట్టిగా మందలిస్తారు. అది విన్న కుర్రవాడు తలవంచుకుని కూర్చుంటాడు, బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూనే జేబులోంచి ఫోన్ తీస్తాడు. రెండో రకంలో 'మంచికి వాడండి, చెడుకు వాడకండి' అంటారు. ఈ మాటలో తప్పేమీ లేదు. కానీ రాత్రి పదకొండున్నరకు, మంచం మీద పడుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని ఉన్న పదిహేడేళ్ల పిల్లవాడు ఆ క్షణంలో ఏం చేయాలో ఈ మాట చెప్పదు.

అందుకే ఈ సంచికలో ఫోన్ గురించి అన్ని విషయాలూ చెప్పే ప్రయత్నం మేము చేయడం లేదు. ఒక్క భాగాన్నే తీసుకుంటున్నాము. ఇషా నమాజు ముగిసినప్పటి నుంచి ఫజ్ర్ అజాన్ వరకు ఉన్న రాత్రి సమయం అది. ఇరవై నిమిషాల జుమా ప్రసంగానికి ఇది చాలు. పైగా యువకుడి నమాజు, చదువు, ఆరోగ్యం మూడూ ఈ కొద్ది గంటల దగ్గరే కలుస్తాయి. ఏ వీడియో ధర్మసమ్మతం, ఏది కాదు అన్న వాదన కూడా ఇక్కడ అవసరం లేదు. రాత్రి ఒంటిగంటకు చూస్తున్నది మంచి బయాన్ అయినా సరే, అది ఫజ్ర్ నమాజును తినేస్తుంటే దాని లెక్క వేరు.

ధర్మం చెప్పేది ఏమిటి?

ఖుర్ఆన్‌లో అన్‌నబా సూరా ప్రారంభంలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ నిద్రను విశ్రాంతిగా, రాత్రిని ఒక ఆచ్ఛాదనగా, పగటిని జీవనోపాధి సమయంగా చేసిన సంగతి ప్రస్తావిస్తాడు. అంటే నిద్ర అనేది వృథా అయిన సమయం కాదు. భూమిని, పర్వతాలను ప్రస్తావించిన చోటనే నిద్రనూ ప్రస్తావించడం గమనించాలి.

హజ్రత్ అబూ బర్జా అస్లమీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స) ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తర్వాత కబుర్లతో గడపడాన్నీ ఇష్టపడేవారు కాదని దాని సారాంశం. ముందు నిద్రపోతే ఇషా తప్పిపోవచ్చు. తర్వాత కబుర్లలో పడితే ఫజ్ర్ తప్పిపోవచ్చు. పద్నాలుగు వందల ఏళ్ల క్రితం కబుర్లు అంటే నలుగురు మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం. వాళ్లలో ఒకరికి నిద్ర వస్తే సభ ముగిసేది. నేటి కబుర్లు చేతిలోనే ఉన్నాయి, అవతలి వాళ్లు ఎప్పటికీ లేచి వెళ్లిపోరు.

అయితే ఈ విషయాన్ని ఒకవైపే చెప్పకూడదు. ముస్లిముల వ్యవహారాల గురించి దైవప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి) తో రాత్రివేళ సంప్రదింపులు జరిపేవారని కూడా ఉల్లేఖనం ఉంది. ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో ఇషా తర్వాత ధర్మజ్ఞానం, మంచి పనుల గురించి మాట్లాడుకోవడానికి ఒక అధ్యాయం, ఇంటివారితోనూ అతిథులతోనూ మాట్లాడటానికి మరొక అధ్యాయం విడిగా పెట్టారు. కాబట్టి పరీక్షకు చదువుకోవడం, దూరదేశంలో ఉన్న అబ్బాతో పది నిమిషాలు మాట్లాడటం ఈ అయిష్టం కిందికి రావు. ప్రసంగంలో ఈ మినహాయింపును తప్పక చెప్పాలి. చెప్పకపోతే, దుబాయిలోనో సౌదీలోనో ఉన్న తండ్రితో రాత్రిపూట మాత్రమే మాట్లాడగలిగే పిల్లవాడు 'ఇది నా గురించి కాదు' అని మిగతా ప్రసంగం వినడం మానేస్తాడు.

మూడో ఆధారం ఒక యువకుడికి సంబంధించినదే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యవ్వనంలో ప్రతిరోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు అని పట్టుబట్టారు. ఆ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఆయనను పిలిపించి, నీ శరీరానికీ నీ కళ్లకూ నీ మీద హక్కు ఉందని బోధించారు. ఆరాధన కోసం రాత్రంతా మేల్కొంటానన్న యువకుడికే కళ్ల హక్కును గుర్తుచేశారంటే, రీల్స్ కోసం మేల్కొనే కళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. యువతకు ఈ ఉదంతం బాగా పడుతుంది. ఎందుకంటే ఇందులో మందలింపు కంటే వాళ్ల శరీరం పట్ల శ్రద్ధ ఎక్కువ కనిపిస్తుంది.

యువకుడి నిద్ర పెద్దల నిద్ర లాంటిది కాదు

ఇప్పుడు శరీరధర్మం చూద్దాం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు సూచిస్తారు. పెద్దలకు ఏడు గంటలు, ఆపైన. 'మా కాలంలో ఐదు గంటలే పడుకుని చదివాం' అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇంకో విషయం తల్లిదండ్రులకు తెలియాలి. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను విడుదలై శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. యుక్తవయసులో ఈ విడుదల ఆలస్యమవుతుంది. చిన్నప్పుడు తొమ్మిదికే తూలిపోయిన పిల్లవాడికి పదహారేళ్లు వచ్చేసరికి పదిన్నర అయినా నిద్ర రాకపోవడం మొండితనం కాదు, ఆ వయసు లక్షణం. అంటే నిద్ర సహజంగానే కాస్త వెనక్కి జరిగిన వయసులోనే మనం పిల్లల చేతికి ఫోన్ ఇస్తున్నాము.

ఫోన్ వెలుతురు వల్ల నిద్ర పోతుందని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. రాత్రిపూట కళ్లలో పడే వెలుతురు మెలటోనిన్‌ను తగ్గిస్తుంది, నిద్రను కొంత ఆలస్యం చేస్తుంది. కానీ పెద్ద నష్టం వెలుతురు వల్ల కాదు, గడిచిపోయే గంటల వల్ల, మనసులో లేచే కదలిక వల్ల. కాబట్టి తెరను పసుపు రంగులోకి మార్చుకుని 'నైట్ మోడ్ పెట్టాను కదా అమ్మీ' అనే కుర్రవాడి సమస్య తీరలేదు. అతను పసుపు రంగు తెర మీద రెండు గంటలు మేల్కొన్నాడు, అంతే తేడా.

వేలు ఎందుకు ఆగదు?

బి.ఎడ్. చదివిన వారందరికీ మనోవిజ్ఞాన శాస్త్రంలో స్కిన్నర్ పేటిక గుర్తుంటుంది. పేటికలోని పావురం మీటను ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోయినప్పుడు పావురం త్వరగానే మానేస్తుంది. కానీ గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడో పోటుకు, ఇంకోసారి పదిహేనో పోటుకు పడుతుంటే మాత్రం పావురం ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజ మానేసినా చాలాసేపు వదలదు.

వీడియోల వరుస సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. పది వీడియోలలో ఎనిమిది సాధారణంగా ఉంటాయి. ఒకటి నవ్విస్తుంది, ఒకటి ఆశ్చర్యపరుస్తుంది. ఆ ఒక్కటి ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టే వేలు పైకి జరుపుతూనే ఉంటుంది. దీనికి తోడు పేజీకి చివర లేదు. చదువుతున్న కథ ముగుస్తుంది, దినపత్రిక చివరి పేజీ వస్తుంది. ఇక్కడ అలా ఆగే చోటు ఉండదు. అంతులేకుండా జరిగే ఈ పేజీని 2006లో రూపొందించిన అజా రాస్కిన్ అనే ఇంజనీరు, దాని ఫలితాల పట్ల తర్వాత బహిరంగంగానే విచారం వ్యక్తం చేశారు.

ఈ వివరణను ప్రసంగంలో చెప్పడం వల్ల ఒక మేలు ఉంది. 'నీకు ఈమాన్ తక్కువ, అందుకే ఆపలేకపోతున్నావు' అని వింటే పిల్లవాడు సిగ్గుతో దాక్కుంటాడు. 'ఇది ఆపలేకుండా తయారుచేసిన వస్తువు, కాబట్టి పక్కలో పెట్టుకుని దానితో కుస్తీ పట్టవద్దు, గది బయట పెట్టు' అని వింటే చేయగలిగిన పని ఒకటి దొరుకుతుంది. పన్నెండింటికి సంకల్పబలం మీద ఆధారపడటం కంటే, తొమ్మిదిన్నరకు మెలకువగా ఉన్నప్పుడు ఒక నిర్ణయం తీసుకోవడం తేలిక.

ఒక విద్యార్థి వారం: లెక్క వేసి చూద్దాం

డిసెంబరు నెలలో గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుర్రవాడిని ఊహించుకుందాం. ఆ రోజుల్లో అక్కడ ఫజ్ర్ సమయం సుమారు 5.15కు మొదలవుతుంది, సూర్యోదయం 6.30 ప్రాంతంలో. ఇతను ఎనిమిదికి ఇషా జమాఅత్‌లో నిలబడతాడు. తొమ్మిదికల్లా భోజనం ముగించి పదిన్నర వరకు చదువుతాడు. నిజాయితీగానే చదువుతాడు. పదిన్నరకు మంచమెక్కి 'పదే నిమిషాలు' అని ఫోన్ తీస్తాడు. 12.45కు కింద పెడతాడు. నిద్ర పట్టేసరికి ఒంటిగంట.

ఐదున్నరకు తల్లి పిలుస్తుంది: "లే బేటా, అజాన్ అయిపోయింది." "లేస్తున్నా అమ్మీ" అంటాడు, లేవడు. 5.50కి మళ్లీ పిలుస్తుంది. 6.50కి లేచేసరికి సూర్యుడు వచ్చేశాడు. నమాజు ఖజా అయింది. నిద్రపోయింది 5 గంటల 50 నిమిషాలు. కనీసం ఎనిమిది కావాలి. అంటే ఒక్క రాత్రికి 2 గంటల 10 నిమిషాల లోటు. కాలేజీ ఉన్న ఆరు రోజులకు 13 గంటల అప్పు.

ఆదివారం ఆ అప్పు తీర్చాలని శరీరం పదకొండింటి వరకు పడుకోబెడుతుంది. తీరింది రెండు గంటలే. పైగా పదకొండింటికి లేచినవాడికి ఆ రాత్రి రెండింటి వరకు నిద్ర రాదు. సోమవారం మొదటి పీరియడ్‌లో కళ్లు మూతపడతాయి. లెక్చరర్ అతనికి శ్రద్ధ లేదనుకుంటారు, తల్లి భయభక్తులు లేవనుకుంటుంది, కుర్రవాడు తనకు చదువు రాదేమో అనుకుంటాడు. ముగ్గురూ చూస్తున్నది నిద్రలేమినే.

దీన్ని ఎలా గుర్తించాలి? సెలవు రోజుకూ మామూలు రోజుకూ లేచే సమయంలో రెండు గంటలకు మించి తేడా ఉంటే వారమంతా నిద్ర చాలడం లేదని అర్థం. బస్సులో కూర్చున్న రెండు మూడు నిమిషాలకే కునుకు పట్టడం, మూడు నాలుగు సార్లు పిలిస్తే గాని లేవలేకపోవడం మిగతా గుర్తులు.

ఐదు వారాల ప్రణాళిక

మొదటి వారం ఏదీ మార్చకూడదు, రాసుకోవాలి. నోటుపుస్తకంలో రోజుకు మూడు విషయాలు చాలు: ఫోన్ కింద పెట్టిన సమయం, లేచిన సమయం, ఫజ్ర్ వేళకు అయిందా లేదా. మొదటి సమయాన్ని ఊహించి రాయవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో Settings లోపల Digital Wellbeing అని ఉంటుంది, ఐఫోన్‌లో Screen Time. ఏ గంటలో ఎంతసేపు వాడామో అక్కడ కనిపిస్తుంది. ఈ పుస్తకం తల్లిదండ్రులు తనిఖీ చేసేది కాదు. ఎవరి లెక్క వారిదే. ఏడు రోజుల తర్వాత ఆ మూడు వరుసలను పక్కపక్కన చూసుకుంటే ఎవరూ ఉపదేశం చెప్పనక్కరలేదు.

రెండో వారం నుంచి లేచే సమయాన్ని ముందు స్థిరం చేయాలి. చాలామంది పడుకునే సమయంతో మొదలుపెట్టి ఓడిపోతారు. నిద్ర మన ఆజ్ఞకు రాదు, మేల్కొనడం మాత్రం మన చేతిలో ఉంది. రోజూ 5.40కి లేచి, మస్జిదుకు నడిచి, తిరిగి వస్తూ తెల్లవారే వెలుతురులో కాసేపు ఉంటే శరీర గడియారం ఆ సమయానికి కట్టుబడుతుంది. రాత్రి త్వరగా నిద్ర రావడానికి ఉదయపు వెలుతురే మంచి మందు. ఆడపిల్లలు ఇంట్లోనే నమాజు చేసుకుంటారు కాబట్టి వాళ్ల ఫజ్ర్ తప్పిన సంగతి బయట ఎవరికీ తెలియదు. వాళ్లు నమాజు కాగానే మేడ మీదో వరండాలోనో పది పదిహేను నిమిషాలు ఉండేలా చూడాలి. నమాజు చేసి మళ్లీ పడుకుంటే ఈ మేలు పోతుంది.

అదే రోజు నుంచి ఫోన్ కింద పెట్టే సమయాన్ని మెల్లగా ముందుకు జరపాలి. మన విద్యార్థి 12.45కు పెడుతున్నాడు. మొదటి మూడు రాత్రులు 11.45. తర్వాత ప్రతి మూడు రాత్రులకు ఇరవై నిమిషాల చొప్పున 11.25, 11.05, 10.45, 10.25, 10.05, చివరికి 9.45. మొత్తం ఇరవై ఒక్క రాత్రులు. ఐదో వారం 9.45 దగ్గరే నిలబడాలి. పదింటికి నిద్రపోయి 5.40కి లేస్తే 7 గంటల 40 నిమిషాలు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల ఖైలూలా కలిపితే ఎనిమిది గంటలు పూర్తవుతాయి. సహాబాలు జుమా తర్వాత ఖైలూలా తీసుకునేవారని బుఖారీలో ఉంది. కునుకు అరగంట దాటకూడదు, అస్ర్ తర్వాతకు జరగకూడదు. లేదంటే రాత్రి నిద్రను దెబ్బతీస్తుంది.

రాత్రి తగ్గిన ముప్పావు గంట చదువు ఎక్కడికీ పోదు. ఫజ్ర్ తర్వాత 6.15 నుంచి 7.30 వరకు గంటంపావు దొరుకుతుంది. వేసవిలో లెక్క మారుతుంది. జూన్‌లో ఫజ్ర్ 4.15 ప్రాంతంలోనే మొదలై, 5.40లోపే సూర్యోదయమవుతుంది. అప్పుడు రాత్రి నిద్ర ఏడు గంటలకు మించడం కష్టం కాబట్టి ఖైలూలా తప్పనిసరి అనుకోవాలి.

మొదటి నాలుగైదు రోజులు పగలు మత్తుగా ఉంటుంది. ముందే తెలిస్తే పిల్లవాడు భయపడి మానేయడు. ఆ రోజుల్లో బండి నడపకుండా బస్సులో వెళ్లడం మంచిది.

ఇక ఫోన్ ఎక్కడ ఉండాలి? పడకగదిలో కాదు. హాలులోనో వంటింటి గట్టు మీదనో ఒక ఛార్జింగ్ చోటు ఉండాలి. 'మరి ఫజ్ర్‌కు అలారం?' అని వెంటనే ప్రశ్న వస్తుంది. ఫోన్ పక్కలో ఉండటానికి చెప్పే మొదటి కారణం అదే. రెండు మూడు వందల రూపాయల అలారం గడియారం కొనిస్తే ఆ కారణం తీరిపోతుంది. దాన్ని మంచానికి అందనంత దూరంలో పెట్టాలి. లేచి వెళ్లి ఆపేసరికి సగం మెలకువ వస్తుంది.

ఎక్కడ చెడుతుంది?

యాప్‌లకు సమయ పరిమితి పెట్టుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ పరిమితి పెట్టిన వేలే దాన్ని తీసేయగలదు. పన్నెండింటికి 'ఈ ఒక్కరోజుకే' అని తీసేస్తుంది. Bedtime mode పెడితే తెర నలుపు తెలుపులోకి మారి, శబ్దాలు ఆగుతాయి. అది గుర్తుచేయడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మైనర్ల ఖాతాలకు రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లు నిశ్శబ్దమయ్యే ఏర్పాటు ఉంది. కానీ ఖాతా తెరిచినప్పుడు వయసు ఎక్కువ వేసిన పిల్లలకు అది వర్తించదు. అందుకే గది బయట పెట్టడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

రెండో చిక్కు లాక్కోవడం. కోపంతో ఫోన్ లాక్కుంటే పిల్లవాడు అన్న ఫోనో, పాత ఫోనో తీసుకుని దుప్పటి కింద చూస్తాడు. అప్పుడు సమయంతో పాటు నిజం కూడా పోతుంది. ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట, ఒకే వేళకు పెడితే అది శిక్షలా ఉండదు, ఇంటి పద్ధతి అవుతుంది. అబ్బా ఫోన్ తలగడ పక్కన ఉండి, కొడుకు ఫోన్ మాత్రం హాలులో ఉండాలంటే ఆ నియమం వారం నిలబడదు.

మూడోది కాలేజీ గ్రూపు. నోట్సు, రేపటి టెస్టు సమాచారం రాత్రి తొమ్మిది దాటాక రావడం ఇప్పుడు మామూలైంది. ఫోన్ పెట్టేముందు ఒక్కసారి చూసి, కావలసింది కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వచ్చింది ఫజ్ర్ అయ్యాక చూడవచ్చు.

నాలుగోది రమజాన్. తరావీహ్ అయ్యాక సహరీ వరకు మేల్కొనే ఉందామని చాలామంది యువకులు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. సహరీ తిని, ఫజ్ర్ చేసి, జుహర్ వరకు పడుకుంటారు. నెల ముగిసేసరికి రాత్రి పగలైపోతుంది. రెండు నెలల కష్టం అక్కడ కొట్టుకుపోతుంది. తరావీహ్ తర్వాత నాలుగు గంటలైనా పడుకుని సహరీకి లేచేవారికి ఈద్ తర్వాత మళ్లీ గాడిలో పడటం సులభం.

ఇవన్నీ చేసినా ఫలితం కనిపించని పిల్లలు కొందరు ఉంటారు. ఫోన్ గది బయట ఉన్నా మూడు నాలుగు వారాలుగా నిద్ర రాకపోతే, తిండి మీద ధ్యాస పోతే, స్నేహితులను తప్పించుకుంటుంటే కారణం ఫోన్ కాదు, ఇంకేదో ఉంది. డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఫొటోలు బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తుండటం వల్ల రాత్రంతా మేల్కొనే పిల్లలూ ఉంటారు. అలాంటప్పుడు తిట్టకుండా వినాలి, డబ్బు పంపకూడదు, సందేశాలు చెరపకూడదు, 1930కి ఫిర్యాదు చేయాలి. 'మా దగ్గరికి రా, ముందు వింటాం' అన్న ఒక్క మాట ఇమామ్ సాహెబ్ మింబర్ మీద నుంచి చెబితే, ఇంట్లో నోరు విప్పలేని పిల్లకు ఒక తలుపు తెరుచుకుంటుంది.

ముందు వరుసలో కూర్చున్న వారికి

యువతకు ఈ ప్రసంగం చేస్తే వాళ్లు తిరిగి అడిగే ప్రశ్న ఒకటుంది. 'మస్జిద్ గ్రూపులో రాత్రి పదకొండున్నరకు మెసేజ్‌లు పెట్టేది ఎవరు? వలీమా భోజనాలు పన్నెండింటి వరకు సాగదీసేది ఎవరు? జల్సాను అర్ధరాత్రి దాకా నడిపి, ఫజ్ర్‌లో ఒక వరుస కూడా నిండకుండా చేసేది ఎవరు?' ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. ఇషా తర్వాతి కాలక్షేపం గురించిన హదీసు ఫోన్ ఉన్న పిల్లలకు మాత్రమే చెప్పింది కాదు.

కాబట్టి ఈ పాఠంలో పెద్దల వంతు పని మూడు మాటల్లో ఉంది. మస్జిద్ కమిటీల, సొసైటీల వాట్సాప్ గ్రూపులలో జనాజా, రక్తం అవసరం లాంటి అత్యవసర వార్తలు తప్ప, ఇషా తర్వాత ఏదీ పెట్టకూడదు. గ్రూపు సెట్టింగులలో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చుకుంటే ఇది కష్టం కాదు. నికాహ్, జల్సా పిలుపులలో మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా అచ్చు వేయించి, దానికి కట్టుబడాలి. దాతలు సాయం చేస్తున్న హాస్టళ్లలో గదికొక అలారం గడియారం, వరండాలో వార్డెన్ కళ్లెదుట ఛార్జింగ్ బోర్డు ఉన్న ఒక అర ఏర్పాటు చేయించాలి. ఒక విద్యార్థికి ఏడాది ఫీజు కట్టే దాతకు ఈ ఖర్చు లెక్కలోకి రాదు. కానీ ఆ ఫీజు కట్టిన తరగతిలో పిల్లవాడు మెలకువగా కూర్చోవడం దీని మీదే ఆధారపడి ఉంది.

ప్రసంగం చేసే ఇమాములకు మా విన్నపం ఒక్కటే. ఇరవై నిమిషాలు దాటవద్దు, చివర పది పనులు చెప్పవద్దు. 'ఈ రాత్రి ఇషా తర్వాత ఫోన్ మరో గదిలో పెట్టి పడుకో, రేపు ఫజ్ర్‌లో కనిపించు' అని ఒక్క పని చెప్పండి. మరుసటి ఉదయం వచ్చిన ముగ్గురు కుర్రవాళ్లను పేరుపెట్టి సలాం చేయండి. నాలుగు వారాల తర్వాత ఇంకో జుమాలో ఇదే విషయం మీద ఐదు నిమిషాలు మాట్లాడి, నోటుపుస్తకంలోని మూడు వరుసల సంగతి అడగండి. రెండోసారి అడుగుతారని తెలిసిన పాఠాన్నే విద్యార్థి గుర్తుపెట్టుకుంటాడన్నది బడిలో మాకు ప్రతిరోజూ కనిపించే సత్యం.

మన పిల్లల రాత్రులకు విశ్రాంతిని, వారి ఫజ్ర్‌లకు శుభాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.